కింది నుంచి చదవాల్సిన బ్రీఫ్: ఒక క్లినిక్ పేషెంట్ రిజిస్టర్ షీట్

చిన్న చిన్న ఆఫీసులకు గూగుల్ షీట్స్‌లో రిజిస్టర్లు, రిపోర్టులు కట్టివ్వడం నా పని. ఇది ఒక క్లినిక్‌కి చేసిన పని. రెండుసార్లు తప్పు కట్టి, మూడోసారికి దారిలో పడ్డాను. క్లినిక్ పేరు, ఊరు, డాక్టర్ గారి స్పెషాలిటీ కావాలనే రాయడం లేదు. అంకెలు కొంచెం మార్చాను కానీ వాటి మధ్య లెక్క మార్చలేదు.

నేపథ్యం, వచ్చిన బ్రీఫ్

ఒక డాక్టర్, ఆయనే క్లినిక్ యజమాని. వారంలో రెండు రోజులు ఒక స్పెషలిస్ట్ వచ్చి కూర్చుంటారు. కౌంటర్ దగ్గర ఒకావిడ పేర్లు రాసుకుంటారు, డబ్బులు తీసుకుంటారు, ఫోన్లు ఎత్తుతారు. రోజుకు 40 మంది దాకా పేషెంట్లు. అంతవరకూ అన్నీ ఒక లావుపాటి పుస్తకంలోనే నడిచాయి. డాక్టర్ గారు పంపిన మెసేజ్ ఇది:

> ఒకే షీట్ చాలు. కాలమ్స్: వరుస నంబరు, తేదీ, పేరు, వయసు, మగ/ఆడ, ఫోన్, అడ్రస్, సమస్య, డయాగ్నసిస్, ఫీజు, కట్టింది, బాకీ, మళ్లీ రావాల్సిన తేదీ. ఒక్కో పేషెంట్‌కి ఒక్క లైను. మళ్లీ వస్తే అదే లైనులో పక్కకు రాసుకునేలా ఉండాలి. రిపోర్టులు: రోజు కలెక్షన్, నెలలో కొత్తవాళ్లు ఎంతమంది పాతవాళ్లు ఎంతమంది, బాకీల లిస్టు, రమ్మన్నా రానివాళ్ల లిస్టు. వీలైనంత సింపుల్‌గా చేయండి. ఇప్పుడున్న రిజిస్టర్ ఫొటో పెడుతున్నాను.

చదవగానే సంతోషమేసింది. చాలామంది "ఒక మంచి షీట్ కావాలి" అని ఊరుకుంటారు. ఈయన కాలమ్స్ రాశారు, రిపోర్టులు రాశారు, ఫొటో కూడా పెట్టారు. ఇంకేం అడగాలనిపించలేదు. అదే రోజు రేటు చెప్పేశాను. ఇప్పుడు చూస్తే ఆ బ్రీఫ్‌లో మొదటి సగం పాత పుస్తకం ఎలా ఉందో చెబుతోంది. ఆయనకు నిజంగా కావాల్సింది చివరి సగంలో ఉంది. ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. నేను పైనుంచి కిందికి చదివాను కాబట్టి అది నాకు కనబడలేదు.

మొదటి ప్రయత్నం: పేషెంట్‌కి ఒక లైను

అడిగింది అడిగినట్టే కట్టాను. ఎడమవైపు పేషెంట్ వివరాలు. కుడివైపు ఒక్కో విజిట్‌కి నాలుగు కాలమ్స్: తేదీ, ఫీజు, కట్టింది, మళ్లీ రావాల్సిన తేదీ. ఇలాంటివి ఆరు విజిట్లకు, అంటే 24 కాలమ్స్. ఇది సరైన పద్ధతి కాదని అప్పుడే అనుమానం ఉంది. కానీ కౌంటర్ ఆవిడకు అలవాటైన రూపం ఉంటే తొందరగా పట్టుబడుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

వారం నిలిచింది. గాయానికి రోజూ డ్రెస్సింగ్ చేయించుకునే పేషెంట్ ఒకాయన ఏడోసారి వచ్చేసరికి చోటు అయిపోయింది. కౌంటర్ ఆవిడ తనకు తోచినట్టు కింద కొత్త లైను తీసి, అదే పేరు పక్కన "2" అని రాశారు. ఆవిడ చేసింది తప్పేమీ కాదు, పుస్తకంలో ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ ఒక్క లైనుతో పేషెంట్ల సంఖ్య తప్పింది, బాకీ రెండు చోట్ల చీలింది. రోజు కలెక్షన్ కోసం ఆరు తేదీ కాలమ్స్ విడివిడిగా వెతికి కూడాల్సి వచ్చింది. ఏడో జత కలిపితే ఫార్ములాలన్నీ మళ్లీ రాయాలి, ఎనిమిదో జతకి ఇంకోసారి.

అప్పుడు డాక్టర్ గారిని అడిగాను, ఒకే లైను ఎందుకు కోరారని. "పేషెంట్ ఎదురుగా కూర్చున్నప్పుడు ఇంతకుముందు ఎప్పుడెప్పుడు వచ్చారో ఒక్క చూపులో తెలియాలండీ" అన్నారు. అంటే ఆయన అడిగింది రాసే పద్ధతి గురించి కాదు, చూసే పద్ధతి గురించి. నంబరు కొడితే ఆ మనిషి విజిట్లన్నీ ఒకదాని కింద ఒకటి చూపించే చిన్న పేజీ ఉంటే చాలు. లోపల ఎలా రాసి ఉన్నా ఆయనకు పట్టింపు లేదు. ఈ ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే వారం మిగిలేది.

రెండో ప్రయత్నం: విజిట్‌కి ఒక లైను

ఈసారి పేషెంట్ ఎన్నిసార్లు వస్తే అన్ని లైన్లు. తేదీ, పేరు, ఫోన్, ఫీజు, కట్టింది, బాకీ అన్నీ ఒకే లైనులో. కలెక్షన్ ఒక్క ఫార్ములాతో వచ్చేసింది. రెండు వారాలు ఫోన్ రాలేదు. పని అయిపోయిందనుకున్నాను.

మూడో వారం డాక్టర్ గారి ఫోన్: "సోమవారం కలెక్షన్ 3,900 అని ప్రింట్ తీసి పెట్టుకున్నానండీ. ఇవాళ గురువారం, అదే సోమవారం 4,100 చూపిస్తోంది. పైగా ఇవాళ డ్రాయర్‌లో 5,150 ఉంటే షీట్ 4,300 అంటోంది."

గడిచిపోయిన రోజు లెక్క మారిందంటే ఎవరో పాత లైనును ముట్టుకున్నారన్నమాట. షీట్‌లో సెల్ మీద రైట్ క్లిక్ చేస్తే ఆ సెల్ ఎడిట్ హిస్టరీ కనిపిస్తుంది. సోమవారం లైన్లలో ఒక "కట్టింది" సెల్ చూశాను. సోమవారం 300, గురువారం 500. విషయం అక్కడే తేలిపోయింది. సోమవారం ఫీజు 500కి 300 కట్టి, మిగతా 200 గురువారం తెచ్చి ఇచ్చారు. ఆ రోజు డాక్టర్‌ని చూడలేదు, డబ్బులిచ్చి వెళ్లిపోయారు. కౌంటర్ ఆవిడ దాన్ని ఎక్కడ రాయాలి? విజిట్ జరగలేదు కాబట్టి కొత్త లైను తీయడానికి లేదు. అందుకని సోమవారం లైనుకు వెళ్లి 300ని 500 చేశారు. బాకీ సున్నా అయింది, లెక్క ముగిసినట్టే కనబడింది. కాకపోతే గురువారం చేతికొచ్చిన డబ్బు సోమవారం ఖాతాలోకి వెళ్లింది.

అదే రోజు పాత బాకీ కట్టినవాళ్లు ఇంకా ఇద్దరున్నారు, ఒకరు 300, ఒకరు 150. మొత్తం 650. డ్రాయర్‌కి, షీట్‌కి తేడా 850. ఇంకా 200 దొరకాలి.

దానికి గంట పట్టింది. గురువారం లైన్లన్నీ కంటికి కనబడుతున్నాయి, చేత్తో కూడితే 4,500 వస్తోంది, ఫార్ములా మాత్రం 4,300 అంటోంది. ఒక లైనులో తేదీ చుక్కలతో టైప్ చేసి ఉంది, 14.3.24 లాగా. మిగతా తేదీలన్నీ సెల్‌లో కుడివైపుకి ఆనుకుని ఉంటే అదొక్కటి ఎడమవైపుకి ఉంది. ఆ షీట్ సెట్టింగ్‌లో చుక్కల తేదీని తేదీగా తీసుకోలేదు, మామూలు అక్షరాలుగా ఉంచేసింది. తేదీ చూసి కూడే ఫార్ములాకి ఆ లైను లేనట్టే.

దీనికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. షీట్ లొకేల్ నెల ముందు, రోజు తర్వాత రాసే దేశానిదైతే, 4/3 అని మార్చి 4 ఉద్దేశంతో రాసినది ఏప్రిల్ 3గా కూర్చుంటుంది. రోజు 12 దాటితే షీట్ ఒప్పుకోక అక్షరాలుగా వదిలేస్తుంది కాబట్టి అది ఎలాగో బయటపడుతుంది. 12 లోపు రోజులు మాత్రం చప్పుడు లేకుండా తారుమారవుతాయి. రిజిస్టర్‌లో ఇంకా రాని తేదీలు కనిపిస్తే ముందు లొకేల్‌నే అనుమానించాలి. ఇప్పుడు ఏ షీట్ కట్టినా File మెనూలో Settings తెరిచి లొకేల్ చూశాకే మొదటి కాలమ్ రాస్తాను.

చుక్కల తేదీ నా అజాగ్రత్త. తేదీ కాలమ్‌కి డేటా వ్యాలిడేషన్ పెడితే పోయేది. 650 సంగతి అలా కాదు, అది షీట్ నిర్మాణంలోనే ఉంది. కౌంటర్ ఆవిడకు "పాత లైన్లు ముట్టుకోవద్దు" అని చెప్పి వదిలేయవచ్చు. కానీ ముట్టుకోకపోతే ఆ 200 రాసే చోటే లేదు. చోటు ఇవ్వకుండా నియమం పెడితే ఆవిడ ఇంకో దారి వెతుక్కుంటారు.

బ్రీఫ్‌ని తిరిగి రాయడం

డాక్టర్ గారిని అరగంట టైమ్ అడిగాను. ఈసారి కాలమ్స్ ఊసు ఎత్తలేదు. ఒక్కో రిపోర్టు తీసుకుని రెండే రెండు ప్రశ్నలు: ఇందులో ఒక లైను అంటే ఏమిటి? ఆ అంకె చూసి మీరు ఏం చేస్తారు?

రోజు కలెక్షన్‌లో ఒక లైను అంటే పేషెంటూ కాదు, విజిటూ కాదు, ఒకసారి డబ్బు చేతులు మారడం. రానివాళ్ల లిస్టులో ఒక లైను అంటే ఒక విజిట్. కొత్త, పాత లెక్కలో ఒక లైను అంటే ఒక మనిషి. మూడు రకాల లైన్లు ఉన్నాయంటే మూడు షీట్లు కావాలి. "ఒకే షీట్ చాలు" అన్న మాట అక్కడే పోయింది. ఆయన వెంటనే అడ్డుపడ్డారు, "మూడు చోట్ల రాయాలా?" అని. ఒకే విషయం మూడుసార్లు రాయరు, పేరూ ఫోనూ జన్మకొకసారి, తర్వాత అంతా నంబరే అని చెప్పాక ఒప్పుకున్నారు.

ఎక్కువ సేపు పట్టింది కొత్తవాళ్ల లెక్క.

"కొత్త పేషెంట్ అంటే ఎవరు డాక్టర్ గారూ?"

"మొదటిసారి వచ్చినవాళ్లండీ. అదేం ప్రశ్న?"

"మూడేళ్ల కిందట వచ్చి, ఇప్పుడు వేరే సమస్యతో వస్తే?"

"కొత్త ఫీజే తీసుకుంటాం."

"మరి నెల లెక్కలో కొత్తవాళ్లలో వేయాలా?"

కాసేపు ఆగారు. కౌంటర్ ఆవిడను పిలిచి అడిగారు. "నేను కొత్త ఫీజు కట్టినవాళ్లందర్నీ కొత్త అనే రాస్తున్నాను సార్" అన్నారావిడ. ఇన్నాళ్లూ ఆయన చూస్తున్న అంకెకు, ఆయన మనసులో ఉన్న అర్థానికి సంబంధం లేదు.

రెండో ప్రశ్న ఇక్కడ అక్కరకొచ్చింది. ఆ అంకెతో ఏం చేస్తారని అడిగితే, స్పెషలిస్ట్‌ని పెట్టాక కొత్త మొహాలు పెరుగుతున్నాయో లేదో చూసుకోవాలన్నారు. అయితే మనిషి లెక్కే కావాలి, ఫీజు లెక్క కాదు. అందుకని రెంటినీ విడదీశాం. విజిట్ లైనులో "ఫీజు రకం" అని డ్రాప్‌డౌన్: పూర్తి, రివ్యూ, ఉచితం. పేషెంట్ లైనులో "మొదట వచ్చిన తేదీ". కొత్తవాళ్ల లెక్క ఈ తేదీ నుంచే వస్తుంది.

ఆ తేదీని విజిట్లలోంచి ఫార్ములాతో లాగొచ్చు కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ అప్పుడు పుస్తకం కాలం నాటి పాత పేషెంట్లందరూ షీట్ మొదలయ్యాక వచ్చిన తొలిరోజున కొత్తవాళ్లుగా లెక్కకొస్తారు. మొదటి కొన్ని నెలలు క్లినిక్ విరగబడి పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. అందుకే అది చేత్తో రాసే తేదీ. పాతవాళ్లయి సరైన తేదీ తెలియకపోతే షీట్ మొదలవ్వకముందు తేదీ ఏదో ఒకటి అందరికీ ఒకేలా వేయాలని నిర్ణయించాం.

చివరికి నిలిచినది

మూడు షీట్లు. "పేషెంట్లు": నంబరు, పేరు, పుట్టిన సంవత్సరం, మగ/ఆడ, ఫోన్, అడ్రస్, మొదట వచ్చిన తేదీ. "విజిట్లు": తేదీ, పేషెంట్ నంబరు, డాక్టర్, ఫీజు రకం, ఫీజు, తగ్గింపు, మళ్లీ రావాల్సిన తేదీ. "వసూళ్లు": తేదీ, పేషెంట్ నంబరు, పద్ధతి (నగదు, కార్డు, ఆన్‌లైన్), మొత్తం.

బాకీ అనే కాలమ్ ఎక్కడా లేదు. ఒక పేషెంట్ ఫీజులన్నీ కూడి, తగ్గింపులు, వసూళ్లు తీసేస్తే మిగిలేదే బాకీ, అది రిపోర్టులో పుడుతుంది. తగ్గింపుకి విడిగా కాలమ్ ఎందుకంటే, డాక్టర్ గారు "వాళ్ల దగ్గర తీసుకోవద్దులే" అన్న ప్రతిసారీ ఆ మొత్తం బాకీల లిస్టులో తీరకుండా వేలాడేది. డబ్బు తిరిగి ఇవ్వాల్సి వస్తే వసూళ్లలో మైనస్ లైను రాస్తారు.

రోజు కలెక్షన్ ఫార్ములా ఇలా కుదిరింది, B1లో తేదీ:

```
=SUMIFS('వసూళ్లు'!D:D,'వసూళ్లు'!A:A,">="&B1,'వసూళ్లు'!A:A,"<"&B1+1)
```

తేదీ B1కి సమానమా అని నేరుగా చూడకుండా ఇలా రాయడానికి కారణం ఉంది. సెల్‌లో తేదీతో పాటు టైమ్ కూడా పడితే, పైకి తేదీ మాత్రమే కనిపిస్తున్నా లోపల అది ఆ రోజుకి సమానం కాదు. మధ్యాహ్నం 12 అంటే ఆ రోజు సంఖ్యకు అర కలిసినట్టు. "ఆ రోజు మొదలు, మర్నాడు రాకముందు" అని అడిగితే రెండు రకాలూ దొరుకుతాయి. డ్రాయర్‌తో సరిచూడడానికి ఇందులోనే పద్ధతి "నగదు" అన్న షరతు కలిపిన ఇంకో సెల్ ఉంది. దాని పక్కనే తప్పుడు తేదీల కాపలా:

```
=COUNTA('వసూళ్లు'!A2:A)-COUNT('వసూళ్లు'!A2:A)
```

ఇది సున్నా చూపించాలి. ఒకటి చూపించిందంటే ఎక్కడో ఒక తేదీ అక్షరాలుగా పడి ఉందన్నమాట.

నెలలో వచ్చిన మొత్తం మనుషులు, ఐదుసార్లు వచ్చినా ఒకరుగానే, ఇలా వస్తారు (B1లో నెల మొదటి తేదీ):

```
=COUNTUNIQUEIFS('విజిట్లు'!B:B,'విజిట్లు'!A:A,">="&B1,'విజిట్లు'!A:A,"<"&EDATE(B1,1))
```

ఇందులోంచి ఆ నెలలో మొదట వచ్చినవాళ్లను తీసేస్తే పాతవాళ్లు.

రమ్మన్నా రానివాళ్ల లిస్టు మొదట తప్పుగా వచ్చింది. మళ్లీ రావాల్సిన తేదీ దాటిన విజిట్లు తీయమంటే, అసలు తేదీ ఇవ్వని విజిట్లూ వచ్చి పడ్డాయి. ఖాళీ సెల్‌ని సున్నాగా చూస్తే అది ఎప్పుడో గడిచిపోయిన తేదీయే కదా. ఖాళీ కాకూడదన్న షరతు కలిపాను. చెప్పిన తేదీ కన్నా రెండు రోజులు ముందే వచ్చేసిన వాళ్లు ఇంకా ఉండిపోయారు. వాళ్లకి ఫోన్ చేసి "రాలేదేం" అంటే బాగుండదు. అందుకని విజిట్లలో H కాలమ్ కలిపి, ఆ విజిట్ తర్వాత అదే మనిషి మళ్లీ వచ్చారా అన్నది లెక్కించాను:

```
=COUNTIFS(B:B,B2,A:A,">"&A2)
```

ఇది సున్నా అయి, తేదీ దాటితేనే లిస్టులోకి వస్తారు.

ఫీల్డ్స్‌లో మారినవి రెండు. వయసు బదులు పుట్టిన సంవత్సరం: ఈ ఏడాది 34 అని రాస్తే ఐదేళ్ల తర్వాత కూడా 34గానే ఉంటుంది. వయసే చెబితే ఈ సంవత్సరంలోంచి అది తీసి రాస్తారు, ఒక ఏడాది అటూ ఇటూ అయినా ఫర్వాలేదన్నారు డాక్టర్ గారు. రెండోది ఫోన్. దాన్ని ప్లెయిన్ టెక్స్ట్‌గా పెట్టాం, లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఒక చోట అంకెగా, ఇంకో చోట అక్షరాలుగా ఉంటే వెతికినా దొరకదు. ఫోన్‌నే పేషెంట్ గుర్తింపుగా వాడదామని ఆయన అన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు ఇచ్చే కుటుంబాలు ఎన్నో. ఫోన్ వెతకడానికి మాత్రమే: నంబరు కొడితే దాని మీద ఉన్నవాళ్లంతా కనిపిస్తారు, అందులో లేకపోతేనే కొత్త లైను తీయాలి.

డయాగ్నసిస్ కాలమ్‌ని పూర్తిగా తీసేయమని నేనే పట్టుబట్టాను. ఏ రిపోర్టులోనూ దాని అవసరం లేదు. కౌంటర్‌లో ఎడిట్ చేసేవాళ్ల నుంచి దాన్ని దాచడం కూడా కుదరదు. షీట్‌ని ప్రొటెక్ట్ చేస్తే మార్చకుండా ఆపుతుందే గానీ చూడకుండా ఆపదు, హైడ్ చేసిన షీట్‌ని ఎడిటర్ ఎవరైనా తెరవొచ్చు. అది డాక్టర్ గారి కేస్ పేపర్ల మీదే ఉండిపోయింది. నాకు మొదటి రోజు పంపిన రిజిస్టర్ ఫొటోలో నిజమైన పేర్లు, జబ్బులు ఉన్నాయని కూడా అప్పుడే గుర్తొచ్చింది. దాన్ని చెరిపేసి, కల్పిత పేర్లతో 30 లైన్లు నేనే తయారు చేసుకుని పని చేశాను. ఆ ఫొటో వచ్చిన నిమిషంలోనే ఆ మాట చెప్పాల్సింది.

ఇంకా మిగిలినవి

ఒకే మనిషికి రెండు నంబర్లు పడడం పూర్తిగా ఆగలేదు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక చెప్పి, ఫోన్ కూడా వేరేది ఇస్తే పట్టుకునేదేమీ లేదు. మొదటి రెండు నెలల్లో మూడు దొరికాయి. అలాంటప్పుడు విజిట్లలో, వసూళ్లలో కొత్త నంబరుని పాత నంబరుగా మార్చి, పేషెంట్లలో ఆ లైనులో మొదట వచ్చిన తేదీ తీసేసి "రద్దు" అని రాయాలి. లైను చెరిపేయకూడదు, పేషెంట్ చేతిలో ఆ నంబరున్న చీటీ ఉండొచ్చు.

ఇప్పుడు బ్రీఫ్ ఎవరు పంపినా ఒకటే అడుగుతున్నాను: మీకు కావాల్సిన రిపోర్టు నిన్నటి రోజుది ఒకటి చేత్తో కాగితం మీద నింపి పంపండి, పేర్లు మార్చి. ఈ డాక్టర్ గారి చేత తర్వాత అలా రాయిస్తే కలెక్షన్ కాగితం మీద చివర్లో "పా.బా. 450" అని రాశారు. పాత బాకీలు. ఆయన పుస్తకంలో అది ఎప్పటినుంచో వేరే లైనుగానే ఉంది. నాకు పంపిన ఫొటోలో కూడా పేజీ అడుగున ఉంది, నేను కాలమ్ హెడింగులు మాత్రమే చూశాను.

కౌంటర్ ఆవిడ పుస్తకం ఇంకా మానలేదు. నెట్ పోయిన రోజు అందులో రాసుకుని మర్నాడు షీట్‌లోకి ఎక్కిస్తారు. తేదీ దానంతటదే పడేలా నేను పెట్టిన ఏర్పాటు ఆ కారణంగానే తీసేయాల్సి వచ్చింది, నిన్నటి డబ్బంతా ఇవాళ్టి కలెక్షన్‌లో పడుతోందని ఆవిడే కనిపెట్టి చెప్పారు.